పద్నాలుగు పేజీల వారంటీ, గోడకు ఒక్క కాగితం

తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి తాలూకాల్లో తెలుగు వినిపించే రైస్ మిల్లులు చాలానే ఉన్నాయి. 1953లో ఆనకట్ట పూర్తయ్యాక కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి కాలువ పొడుగునా క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ల పిల్లలు, మనవళ్లు కొందరు పొలంతో పాటు మిల్లు కూడా పెట్టారు. ఇప్పుడు ఆ మిల్లుల్లో అన్నిటికన్నా సున్నితమైన యంత్రం బియ్యంలోంచి రంగు మారిన గింజలను ఏరేసేది. కంపెనీ ఏదైనా మిల్లువాళ్లంతా దాన్ని ‘సార్టెక్స్’ అనే పిలుస్తారు. సోనా మసూరికి పలికే ధర చాలావరకు ఆ గదిలోనే తేలుతుంది.

ఆ యంత్రంతో పాటు ఒక ఫైలు వస్తుంది. అందులో ఆర్డరు కాగితం, వారంటీ షరతులు, ఏడాది తర్వాత మొదలయ్యే మెయింటెనెన్స్ ఒప్పందం, యంత్రం వాడే పద్ధతి చెప్పే మాన్యువల్ ఉంటాయి. అంతా ఇంగ్లీషులో, సన్న అక్షరాల్లో ఉంటుంది. సీజన్ మధ్యలో, రాత్రి రెండింటికి యంత్రం ఆగిపోతే ఆపరేటరు ఆ ఫైలు తెరిచి చదవడు. అతనికి కావలసింది గోడకు అంటించిన ఒక్క కాగితం. ఏ భాగం పాడైతే డబ్బు కట్టక్కర్లేదు, ఏం చేస్తే ఆ హక్కు పోతుంది, కంపెనీ మనిషి ఎప్పుడెప్పుడు రావాలి: ఈ మూడూ అందులో ఉంటే చాలు.

ఆ కాగితం తయారు చేసేటప్పుడు దాదాపు అందరూ మొదటి పేజీ నుంచి వరసగా వస్తారు. కవరయ్యే భాగాల జాబితా ముందు కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎత్తి రాసుకుంటారు. మినహాయింపులు కుదించి రాస్తారు. సర్వీసు విజిట్ల దగ్గరికి వచ్చేసరికి ‘ఏడాదికి 4’ అని ఒక్క ముక్కతో ముగిస్తారు. నా లెక్కలో ఇది తలకిందులు. విజిట్లు సరిగ్గా జరగకపోతే మినహాయింపు మొదలవుతుంది. మినహాయింపు మొదలైతే కవరేజీ జాబితాలో ఏముందన్నది ఇక పట్టదు. అందుకని వెనక నుంచి ముందుకు చదవాలి. ఎలాగో చూపించడానికి ఒక ఊహా ఒప్పందం తీసుకుందాం. ఏ ఒక్క కంపెనీదీ కాదు గానీ, ఇందులోని షరతులన్నీ ఇలాంటి కాగితాల్లో మామూలుగా కనిపించేవే.

ముందు తేదీలు. మన ఒప్పందం ఇలా అంటుంది: వారంటీ యంత్రం బిగించి నడిపిన రోజు నుంచి 12 నెలలు, లేదా ఫ్యాక్టరీ నుంచి పంపిన రోజు నుంచి 18 నెలలు, ఏది ముందు ముగిస్తే అది. యంత్రాన్ని 2024 మార్చి 10న పంపించారు. షెడ్డు పూర్తి కాలేదు, కరెంటు కనెక్షన్ ఆలస్యమైంది. ఏడు నెలలు పెట్టెలోనే ఉండి అక్టోబరు 20న నడిచింది. మిల్లు యజమాని మనసులో వారంటీ 2025 అక్టోబరు 19 వరకు. కాగితం ప్రకారం మాత్రం 18 నెలల లెక్క ముందు ముగుస్తుంది, అంటే 2025 సెప్టెంబరు 9నే. నలభై రోజులు షెడ్డు గోడల కింద పోయాయి. కాబట్టి గోడ కాగితంలో మొదటి వరస ‘12 నెలలు’ అని ఉండకూడదు, ‘2025 సెప్టెంబరు 9 వరకు’ అని ఉండాలి. ఇంకా ఆర్డరు ఇవ్వని వాళ్లకైతే ఒక మాట: షెడ్డు, కరెంటు సిద్ధమయ్యాకే యంత్రం పంపమని ఆర్డరు కాగితంలోనే రాయించుకోవచ్చు.

ఇప్పుడు విజిట్లు. ఒప్పందంలో రెండు రకాలుంటాయి. ఒకటి యంత్రం బాగున్నా వచ్చి చూసి, శుభ్రం చేసి, సరిచేసి పోయేది. దీన్ని పీఎం విజిట్ అంటారు. రెండోది చెడిపోయినప్పుడు పిలిస్తే వచ్చేది, బ్రేక్‌డౌన్ కాల్. మొదటిది లెక్క ప్రకారం ఉంటుంది. రెండోది ఎన్నిసార్లయినా ఉచితమని కొందరు రాస్తారు, ఏడాదికి ఇన్నే అని మరికొందరు రాస్తారు. రెండిటినీ కలిపి ‘4 విజిట్లు’ అని రాసిన కాగితం మీద సంతకం పెడితే, జనవరిలో బ్రేక్‌డౌన్‌కి వచ్చి వెళ్లిన మనిషిని కూడా ఆ నాలుగులో ఒకటిగా లెక్కేసుకోవచ్చు. ‘పీఎం 4, బ్రేక్‌డౌన్ విడిగా’ అని ఉందో లేదో చూసుకోవాలి.

మన ఒప్పందంలో పీఎం మూడు నెలలకొకటి. అక్టోబరు 20న మొదలైంది కాబట్టి జనవరి 20, ఏప్రిల్ 20, జులై 20, మళ్లీ అక్టోబరు 20. నాలుగూ కనిపిస్తున్నాయి. కానీ వారంటీ సెప్టెంబరు 9నే ముగిసింది. నాలుగో విజిట్ గడువు దాటాక పడింది, అంటే దక్కేది మూడే. ఈ తేడా కంపెనీ కాగితంలో ఎక్కడా కనిపించదు. మనం తేదీలు వేసి చూసుకుంటేనే బయటపడుతుంది.

దానికి తోడు జులై విజిట్ సంగతి. వానాకాలం వరి నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకొస్తుంది. మిల్లు డిసెంబరు నుంచి ఊపిరాడకుండా నడుస్తుంది. రెండో పంటకు కాలువ నీళ్లిస్తే ఏప్రిల్ చివర నుంచి ఇంకో జోరు. జులైలో చాలా మిల్లుల్లో సందడి ఉండదు. సార్టెక్స్ ఇంజినీరు చేసే అసలు పని బియ్యం జారుతుండగా కెమెరాల సున్నితత్వం సరిచూడటం, ఏరేసిన గింజల్లో మంచి బియ్యం ఎంత పోతోందో కొలిచి తగ్గించడం. బియ్యం లేకుండా యంత్రం ముందు నిలబడితే అతను తుడిచి, రిపోర్టులో టిక్కులు పెట్టి వెళ్తాడు. అంతకన్నా ఏం చెయ్యగలడు? అందుకే సంఖ్య మార్చమని అడగనక్కర్లేదు, తేదీలు మార్చమని అడగాలి. నవంబరు చివర ఒకటి, జనవరి మధ్యలో ఒకటి, మార్చిలో ఒకటి, మే మొదట్లో ఒకటి. ‘ఇద్దరి అంగీకారంతో’ అనే మాట ఒప్పందంలో చాలాసార్లు ఉంటుంది. అది ఉంటే ఒక ఈమెయిల్‌తో పనైపోతుంది.

రెండో పంటకు నీళ్లు రాని ఏడు ఈ లెక్క మారుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు నీళ్లెన్ని మిగులుతాయోనని కాలువ కింద ఉన్న అందరికీ గుబులు పట్టింది. మిల్లు ఆగినా వారంటీ క్యాలెండరు ఆగదు. గంటల లెక్కన రాసుకున్న షరతులు మాత్రం యంత్రం నడిస్తేనే కదులుతాయి. ఈ రెండు గడియారాలు ఒకే ఫైలులో పక్కపక్కన ఉంటాయి కాబట్టే తికమక.

గంటల గడియారం ఎక్కడుందంటే, గోడ అవతల కంప్రెసర్ దగ్గర. సార్టెక్స్ పనంతా గాలితోనే. చ్యూట్ మీద బియ్యం జారుతుంది, కింద కెమెరాలు ప్రతి గింజనూ చూస్తాయి. నల్లదో పసుపుదో కనిపిస్తే దాని ఎదురుగా ఉన్న ఎజెక్టర్ వాల్వు రెప్పపాటు కన్నా తక్కువ సేపు తెరుచుకుని, గాలి ఊది ఆ గింజను పక్కకు నెడుతుంది. ఆ గాలి పొడిగా, నూనె లేకుండా ఉండాలి. కంప్రెసర్, గాలి ట్యాంకు, తడిని తీసే డ్రైయర్, ఫిల్టర్లు కలిస్తేనే అలాంటి గాలి వస్తుంది. ఇవి చాలాసార్లు వేరే కంపెనీవి, వాటికి వేరే వారంటీ ఉంటుంది.

మన మిల్లులో కంప్రెసర్ సర్వీసు 2000 గంటలకో 6 నెలలకో, ఏది ముందైతే అది. యజమాని 6 నెలలు గుర్తుపెట్టుకున్నాడు, అంటే ఏప్రిల్ 20. కానీ డిసెంబరు 1 నుంచి మిల్లు రోజుకు 20 గంటలు నడిచింది. ట్రయల్ గంటలు వదిలేసినా 100 రోజుల్లో, అంటే మార్చి 10కే 2000 గంటలు నిండాయి. ఎవరూ మీటరు చూడలేదు. ఫిల్టరు మార్చలేదు. మార్చి ఎండలు ముదిరాయి. రాయచూరు వేసవిలో డ్రైయర్ పెట్టిన మూల ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కర్లేదు, చుట్టూ ఉన్న గాలి వేడిగా ఉంటే డ్రైయర్ తడిని సరిగ్గా తియ్యలేదు. ఏప్రిల్ 10 నాటికి మీటరు 2600 దాటింది. అప్పుడు ఒక చ్యూట్ కింద వరసగా నల్ల గింజలు మంచి బియ్యంలోకి దిగడం మొదలైంది.

సార్టెక్స్ ఇంజినీరు వచ్చి ఎజెక్టర్లు విప్పి చూశాడు. లోపల పాలలా తెల్లగా జిగురు, నూనె, నీళ్లు కలిసిన మడ్డి. రిపోర్టులో ‘గాలి నాణ్యత లోపం’ అని రాశాడు. ఎజెక్టర్లు కవరయ్యే జాబితాలో ఉన్నాయి. కానీ మినహాయింపుల్లో ‘కంపెనీ సూచించిన నాణ్యత లేని గాలి, కరెంటు వల్ల కలిగే నష్టం’ అని కూడా ఉంది. కంప్రెసర్ కంపెనీని అడిగితే సర్వీసుకు పిలిచే బాధ్యత మీదే, 2000 గంటలకు మీరు చెప్పలేదు అంటుంది. కాగితం ప్రకారం ఇద్దరిదీ న్యాయమే. బిల్లు మిల్లుకు వచ్చింది.

ఈ దెబ్బ తగిలింది సార్టెక్స్ ఒప్పందంలోని భాగాల జాబితా వల్ల కాదు, పక్కగదిలో యంత్రం గంటల వల్ల. కాబట్టి సార్టెక్స్ గోడ కాగితంలో కంప్రెసర్ వరస తప్పకుండా ఉండాలి. దానికి వేసవి, వానాకాలం తేడా లేకుండా రోజూ మీటరు అంకె రాయాలి. ఇక్కడో చిన్న మెలిక: స్క్రూ కంప్రెసర్ తెర మీద రెండు అంకెలు కనిపిస్తాయి. మోటారు తిరిగిన మొత్తం గంటలు ఒకటి, నిజంగా గాలి నింపిన గంటలు రెండోది. రెండోది ఎప్పుడూ తక్కువే. సర్వీసు లెక్క ఎక్కువగా మొదటిదాని మీదే ఉంటుంది, మాన్యువల్‌లో ఏది రాశారో చూసి కాగితం మీద ఆ పేరే రాయాలి. లేకపోతే ఆపరేటరు తక్కువ అంకె చూసి ఇంకా టైముంది అనుకుంటాడు.

గాలి చెడుతోందని ముందే తెలుసుకునే మార్గాలు కష్టమైనవేమీ కావు. పొద్దున్నే గాలి ట్యాంకు కింది డ్రైన్ వాల్వు తిప్పాలి. కాసిని నీళ్లు రావడం మామూలే. నీళ్ల బదులు పాలరంగు ద్రవం వస్తే నూనె కలుస్తోంది. ఫిల్టరు తర్వాత వచ్చే గాలికి తెల్ల కాగితం అడ్డం పెడితే తడి మచ్చగానీ నూనె మరకగానీ పడకూడదు. సార్టెక్స్ తెర మీద ఎజెక్టర్ పరీక్ష ఉంటుంది, నొక్కితే వాల్వులు వరసగా ఒక్కొక్కటి టక్ టక్ మంటాయి. ఎక్కడైనా శబ్దం తప్పినా, ఒకచోట సుయ్ మంటూ గాలి ఆగకుండా పోతున్నా ఆ వాల్వు నంబరు రాసుకుని అప్పుడే ఫోన్ చెయ్యాలి. అప్పటికింకా ఒకటో రెండో వాల్వులు. పదిరోజులు ఆగితే వరస మొత్తం.

మిగతా మినహాయింపుల్లో సింధనూరు మిల్లుకు నిజంగా తగిలేవి మూడు. మొదటిది ఎలుకలు. ‘ఎలుకలు, పురుగుల వల్ల కలిగే నష్టం’ అని చాలా ఒప్పందాల్లో విడిగా ఉంటుంది. బియ్యం మిల్లులో ఎలుకలు లేకుండా చెయ్యమనడం కంపెనీవాళ్లకు సులువే. చేసేదేమిటంటే వైర్లు పోయే కంతలన్నీ మూసి, యంత్రం వెనక తలుపు ఎప్పుడూ బిగించి ఉంచి, కొరికిన వైరు కనబడగానే ఫొటో తియ్యడం. రెండోది ఎర్తింగ్, కరెంటు. స్టెబిలైజర్, విడి ఎర్త్ గుంత పెట్టాలని మాన్యువల్ చెబుతుంది. ఒప్పందంలో ‘మాన్యువల్ ప్రకారం’ అన్న చిన్నమాట ఉంటే ఆ మాన్యువల్ మొత్తం ఒప్పందంలో భాగమైపోతుంది. అది అటక మీద పడేసే పుస్తకం కాదు. మూడోది వేడి. యంత్రం పెట్టిన గది ఉష్ణోగ్రత ఇంత దాటకూడదని మాన్యువల్లో అంకె ఉంటుంది. మే నెలలో రెండో పంట ధాన్యం ఆడే రోజుల్లో రాయచూరు జిల్లాలో ఏసీ లేని గది ఆ అంకె దాటడం కష్టమేమీ కాదు. ఆ అంకెను కాగితం మీద రాసి, పక్కనే ఒక థర్మామీటరు మేకుకు తగిలిస్తే సరిపోతుంది.

బయటి మెకానిక్‌తో తెరిపిస్తే వారంటీ పోతుందన్నది అందరికీ తెలిసిందే. దాన్ని కాగితం మీద ఎర్ర అక్షరాల్లో రాయనక్కర్లేదు, సీలు స్టిక్కర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రాస్తే కొత్త ఆపరేటరు పొరపాటున చింపకుండా ఉంటాడు.

ఇప్పుడు, ఇంత అయ్యాక, కవరయ్యే భాగాల దగ్గరికి రావచ్చు. జాబితా చదివేటప్పుడు రెండు విషయాలు చూడాలి. ఒకటి, ‘యంత్రం మొత్తం, ఈ కింది భాగాలు మినహా’ అని రాశారా, ‘ఈ కింది భాగాలు మాత్రమే’ అని రాశారా. మొదటి పద్ధతిలో జాబితాలో లేనిది కవరవుతుంది, రెండో పద్ధతిలో జాబితాలో లేనిది కవరవదు. టచ్ స్క్రీన్ గురించి కాగితంలో ఎక్కడా లేకపోతే దాని గతి ఈ ఒక్క వాక్యమే తేలుస్తుంది. రెండు, ‘అరిగే భాగాలు’ అన్న మాట. కెమెరాలు, బోర్డులు, పవర్ సప్లై, ఫీడర్ వైబ్రేటర్ మామూలుగా కవరవుతాయి. అద్దం తుడిచే వైపర్ రబ్బరు, ఫిల్టర్లు, బియ్యం రాపిడికి గీతలు పడే చ్యూట్లు అరిగేవి కింద పోతాయి. ఎజెక్టర్లు, ఎల్‌ఈడీ లైట్లు ఒక్కో కంపెనీలో ఒక్కో వైపు ఉంటాయి. కాబట్టి అడగాల్సింది ఈ రెండిటి గురించే. మార్చిన కొత్త భాగానికి కొత్త వారంటీ మొదలవుతుందా, పాత వారంటీలో మిగిలిన రోజులే ఉంటాయా అన్నది కూడా అడగాలి. సాధారణంగా మిగిలిన రోజులే.

ఇన్ని చదివాక మన మిల్లు గోడ కాగితం ఇలా ఉంటుంది:

వారంటీ 2025 సెప్టెంబరు 9 వరకు. అంతకు నెల ముందు, ఆగస్టు 9న, మెయింటెనెన్స్ ఒప్పందం మాట్లాడాలి.
పీఎం విజిట్లు: నవంబరు చివర, జనవరి మధ్య, మార్చి, మే మొదట్లో. నాలుగూ సెప్టెంబరు 9 లోపే. బ్రేక్‌డౌన్ విడి.
కంప్రెసర్: మొత్తం గంటలు 1800 కాగానే సర్వీసుకు ఫోన్. 2000 దాటనివ్వొద్దు. ఇవాళ్టి మీటరు: ……
రోజూ: ట్యాంకు డ్రైన్, తెల్ల కాగితం, ఎజెక్టర్ పరీక్ష.
డబ్బు లేదు: కెమెరా, బోర్డు, పవర్ సప్లై, ఫీడర్, ఎజెక్టర్ (గాలి పొడిగా ఉంటేనే).
మన డబ్బు: వైపర్, ఫిల్టర్, చ్యూట్. ఎలుక కొరికితే, ఎర్త్ పోతే, గది వేడి దాటితే అన్నీ మన డబ్బే.

మొదటి వరసలో ఆగస్టు 9 ఎందుకంటే, వారంటీ ముగిసిన రోజు, కొత్త ఒప్పందం మొదలైన రోజు మధ్య ఖాళీ వస్తే, చాలా కంపెనీలు ముందు యంత్రం తనిఖీ చేసి, బాగోలేనివి మీ ఖర్చుతో మార్చాకే ఒప్పందం ఇస్తామంటాయి.

ఆ ఒప్పందం రెండు రకాలుగా దొరుకుతుంది. మనిషి మాత్రమే వచ్చే ఏఎంసీ, విడి భాగాలు కూడా కలిసిన సీఎంసీ. రెండిటి మీదా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చే ఇంజినీరు ప్రయాణం, బస ఎవరు భరించాలో ఏఎంసీలో తప్పక చూడాలి. సీజన్లో మూడుసార్లు పిలిస్తే ఆ ఖర్చే ఒప్పందం ధరను మింగేస్తుంది.

‘48 గంటల్లో స్పందిస్తాం’ అనే వాక్యం కూడా కుదించి రాసుకునే ముందు రెండుసార్లు చదవాలి. ‘48 పని గంటలు’ అని ఉంటే, రోజుకు 8 గంటల పనిదినం లెక్కన అది ఆరు రోజులు, మధ్యలో ఆదివారం వస్తే ఏడు. పైగా స్పందించడం అంటే ఫోన్లో మాట్లాడటం కూడా కావచ్చు. మనిషి ఎన్ని రోజుల్లో మిల్లుకు చేరాలి, భాగం ఎన్ని రోజుల్లో రావాలి అని విడివిడిగా అడిగి రాయించుకోవాలి.

ఇంజినీరు వెళ్లేటప్పుడు సర్వీసు రిపోర్టు మీద సంతకం అడుగుతాడు. తొందరలో ఉన్న గుమాస్తా చదవకుండా పెట్టేస్తాడు. ‘గాలి నాణ్యత లోపం’ అన్న మూడు మాటలు ఆ రిపోర్టులోనే ఉంటాయి, రేపటి క్లెయిమ్ వాటి మీదే ఆగిపోతుంది. ఒప్పుకోకపోతే సంతకం మానెయ్యనక్కర్లేదు. దాని పక్కనే ‘కంప్రెసర్ మీటరు ఇంత, డ్రైన్ నీళ్లు తేటగా ఉన్నాయి, అంగీకరించడం లేదు’ అని రాసి పెట్టి, ఫొటో తీసుకోవాలి.

చివరి పేజీలో తగాదా వస్తే ఏ ఊరి కోర్టో, మధ్యవర్తి ఎవరో ఉంటుంది. వినియోగదారుల ఫోరంకు వెళ్దాంలే అని ఆ పేజీని దాటేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్న సరుకును తన పరిధిలోంచి తీసేసింది. సొంతంగా పనిచేసి బతుకుతెరువు సాగించేందుకు మాత్రమే కొనుక్కున్న వాళ్లకు మినహాయింపు ఇచ్చింది. పది మంది కూలీలతో నడిచే మిల్లు ఆ మినహాయింపు కిందికి వస్తుందని నిరూపించుకోవడం తేలిక కాదు. అందుకే, సంతకానికి ముందే ఆ ఊరి పేరు చెన్నై అయినా కోయంబత్తూరు అయినా కొట్టించి రాయచూరు అని రాయించుకునే బేరం ఆడి చూడాలి. కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ఆర్డరు చేతికందకముందు అడిగితే కొన్నిసార్లు ఒప్పుకుంటుంది, ఎజెక్టర్లు పోయాక అడిగితే మాత్రం ఒప్పుకోదు.